స్క్రీన్‌షాట్ పంపే ముందు బాణం, హైలైట్, రాత ఎలా పెట్టాలి?

మా ఆఫీసులో బిల్లుల లెక్క ఒక ఎక్సెల్ షీటులో నడుస్తుంది. ఒకరోజు చివరి వరసలో, అంటే E17లో, మొత్తం ₹1,84,500 అని చూపిస్తోంది. కాలిక్యులేటర్‌తో కూడితే ₹2,03,750 రావాలి. తీరా చూస్తే ఫార్ములా `=SUM(E2:E14)` దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత చేర్చిన రెండు బిల్లులు, E15లో ₹12,000, E16లో ₹7,250, అసలు కూడికలోకే రాలేదు.

షీటు చూసుకునే మేడమ్ విజయవాడ బ్రాంచిలో ఉంటారు. నేను స్క్రీన్ మొత్తం తీసి, E17 చుట్టూ ఎర్రగా ఒక సున్నా చుట్టి వాట్సాప్‌లో పెట్టాను. కాసేపటికి జవాబు వచ్చింది: "ఏమైందండీ దీనికి? టోటల్ ఉందిగా!" ఆవిడ తప్పేం లేదు. ఫోన్‌లో ఆవిడకు కనిపించింది ఒక అంకె, దాని చుట్టూ ఒక సున్నా. ఆ అంకె ఎందుకు తప్పో చెప్పే ఫార్ములా ఎక్కడో పైన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉండిపోయింది.

అదే బొమ్మను మళ్లీ ఎలా చేశానో వరసగా చెబుతాను. నాది విండోస్ 11. అందులో ముందే ఉండే స్నిప్పింగ్ టూల్, పెయింట్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

మొదట, తీసే ముందు స్క్రీన్ సర్దుకోండి

సగం పని ఇక్కడే అయిపోతుంది. E17 మీద క్లిక్ చేసి `F2` నొక్కితే, ఫార్ములా ఏయే సెల్స్‌ను కూడుతోందో వాటి చుట్టూ ఎక్సెలే రంగు గీత గీసి చూపిస్తుంది. ఆ గీత 14వ వరస కిందే ఆగిపోవడం, దాని కింద రెండు బిల్లులు బయట మిగిలిపోవడం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మనం ఎన్ని బాణాలు వేసినా ఇంత బాగా చెప్పలేం. ఒక్కటే చిక్కు: `F2` నొక్కాక సెల్‌లో అంకె బదులు ఫార్ములా కనిపిస్తుంది. ఫర్వాలేదు, ₹1,84,500 సంగతి మెసేజ్‌లో రాయొచ్చు. బొమ్మ తీశాక `Esc` నొక్కి బయటికి రండి, లేకపోతే పొరపాటున ఏ కీ తగిలినా ఫార్ములా చెదిరిపోతుంది.

`F2` కంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది. మా షీటులో C నిలువు వరసలో కస్టమర్ల ఫోన్ నంబర్లు ఉంటాయి. ఈ తప్పు చూపించడానికి వాటితో పనిలేదు. ఆ వరస పైనున్న C అక్షరం మీద రైట్ క్లిక్ చేసి `Hide` అంటే సరి. బొమ్మలోకే రాని నంబరును తర్వాత నల్లరంగు పూసి దాచాల్సిన అవసరమే ఉండదు. బొమ్మ తీశాక ఆ వరసను మళ్లీ బయటికి తీయడం మాత్రం మరవకండి. నేనొకసారి మరిచిపోతే, నంబర్లు ఎగిరిపోయాయని పక్క సీటాయన కంగారుపడ్డారు.

తర్వాత, కావలసినంతే తీయండి, కానీ జాగా వదలండి

`Win + Shift + S` కలిపి నొక్కితే స్క్రీన్ కాస్త మసకబారుతుంది. మౌస్‌తో కావలసిన ముక్క చుట్టూ లాగాలి. ఇక్కడ ఎంత లాగాలనేదే అసలు ప్రశ్న.

పైన ఫార్ములా బార్ రావాలి. A, B, D, E అక్షరాలున్న పట్టీ రావాలి. ఎడమ పక్కన వరస నంబర్లు రావాలి. ఇవి లేకపోతే "E15" అని మనం రాసినా అదెక్కడుందో ఆవిడ వెతుక్కోవాలి. కింద 17వ వరస దాకా చాలు. టాస్క్‌బార్, పక్క ట్యాబులు, గడియారం ఏవీ వద్దు. వెడల్పు ఎంత తగ్గితే ఫోన్ తెర మీద అక్షరాలు అంత పెద్దగా కనిపిస్తాయి.

కుడి పక్కన మాత్రం ఖాళీగా ఉన్న F, G వరసలను కావాలనే కలుపుకోండి. మన మాట రాయడానికి చోటు అదే. చాలామంది బిగుతుగా కత్తిరించేసి, రాయడానికి జాగా లేక అంకెల మీదే రాసేస్తారు.

ఏదైనా మెనూ తెరిచి ఉండగా తీయాల్సి వస్తే, బొమ్మ తీసేలోపే అది మూసుకుపోతుంటుంది. అప్పుడు స్నిప్పింగ్ టూల్‌నే తెరిచి, అందులో గడియారం గుర్తు దగ్గర 3, 5 లేదా 10 సెకన్ల ఆలస్యం పెట్టుకుని, ఆలోపు మెనూ తెరవండి.

ఇక హైలైట్, ఆ తర్వాత బాణం

బొమ్మ తీయగానే మూలన ఒక నోటిఫికేషన్ వస్తుంది. దాని మీద క్లిక్ చేస్తే బొమ్మ స్నిప్పింగ్ టూల్‌లో తెరుచుకుంటుంది. హైలైటర్ తీసుకుని పసుపు రంగుతో E15, E16 అంకెల మీద ఒక్కో గీత గీయండి. అంతే. ఫార్ములాకూ పసుపు, టోటల్‌కూ పసుపు, తేదీలకూ పసుపు అంటే ఇంక హైలైట్ దేనికి?

బాణం ఒక్కటి చాలు. ఆకారాల బటన్‌లో బాణం ఉంటుంది. దాన్ని ఎటువైపుకైనా వాలుగా గీయొచ్చు. ఈ బటన్ పాత వెర్షన్‌లో ఉండదు, కనబడకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో స్నిప్పింగ్ టూల్‌ను అప్‌డేట్ చేసుకోండి. బాణం తోక, మనం రాయబోయే మాట పక్కన మొదలవ్వాలి. మొన అంకెకు కొంచెం ఇవతలే ఆగాలి. మొనతో అంకెను పొడిచేస్తే, చూపించాలనుకున్న ₹12,000లో చివరి సున్నాలు రెండు ఎర్రరంగు కింద పోతాయి. నేను E15, E16 మధ్య గీత ఎదురుగా, F వరసలో మొన ఆపాను. దాంతో ఒక్క బాణమే రెండు సెల్స్‌నూ చూపించింది.

రంగు ముందే స్క్రీన్ మీద ఉన్నదానికి భిన్నంగా ఉండాలి. ఎక్సెల్ గీసిన గీత నీలం, కాబట్టి నా బాణం ఎరుపు. నష్టాలను ఎర్ర అంకెల్లో చూపించే షీటయితే ఎర్ర బాణం అందులో కలిసిపోతుంది, అక్కడ నీలం మేలు. ఎర్ర బాణం తప్పుకూ ఆకుపచ్చ బాణం ఒప్పుకూ అని మాత్రం పెట్టకండి. ఆ రెండు రంగులకూ తేడా తెలియని మగవాళ్లు మనం అనుకునేకంటే ఎక్కువమందే ఉంటారు. రెండు చోట్లు చూపించాల్సి వస్తే 1, 2 అని అంకెలు వేయడమే తేలిక.

మాట రాయడానికి పెయింట్

స్నిప్పింగ్ టూల్‌లో `Ctrl + C` నొక్కి, పెయింట్ తెరిచి `Ctrl + V` నొక్కండి. గీతలతో సహా బొమ్మ వచ్చేస్తుంది. `A` అక్షరం ఉన్న బటన్ నొక్కి, F, G వరసల ఖాళీలో ఒక పెట్టె లాగండి. మొదటి రంగు నలుపు, రెండో రంగు లేత పసుపు పెట్టుకుని, `Background fill` టిక్ చేస్తే మాట వెనక పసుపు చీటీ అంటించినట్టు వస్తుంది. షీటు గళ్ల గీతలు అక్షరాల మధ్య అడ్డురావు.

తెలుగులో రాస్తే ఫాంట్ `Nirmala UI` తీసుకోండి, విండోస్‌తో పాటే వస్తుంది. సైజు మాత్రం ఇంగ్లిష్‌కు పెట్టేదానికంటే రెండు మూడు మెట్లు పెంచండి. మన ఒత్తులు, గుడులు చిన్న సైజులో ముద్దయిపోతాయి. "కూడికలో చేర్చండి" అన్నది ఫోన్‌లో చూస్తే ర్చ కాస్తా చుక్కలా కనిపించింది నాకు.

ఏం రాయాలి? "ఇది చూడండి" అనో "తప్పు" అనో రాస్తే మళ్లీ ఫోన్ చేయాల్సిందే. ఏం జరిగింది, ఏం చేయాలి, రెండూ ఉండాలి. నేను రాసింది ఇది: "E15, E16 కూడికలో లేవు. 16 దాకా మార్చగలరా?"

ఒక జాగ్రత్త. పెట్టె బయట ఒక్కసారి క్లిక్ చేశారా, ఆ మాట బొమ్మలో అతుక్కుపోతుంది. తర్వాత అక్షరం దిద్దడం కుదరదు, `Ctrl + Z` కొట్టి మళ్లీ రాసుకోవాలి. అందుకే క్లిక్ చేసే ముందే ఒకసారి చదువుకోండి.

దాచాల్సినది ఇంకా మిగిలిపోతే

ముందే దాచడం కుదరని పేరో ఖాతా నంబరో ఉంటే పెయింట్‌లో నిండు నల్ల దీర్ఘచతురస్రం వేయండి. హైలైటర్‌నే నలుపు చేసి రుద్దితే దాగినట్టే ఉంటుంది గానీ, వెలుతురు పెంచితే కింద అంకెలు తేలుతాయి. గళ్లుగళ్లుగా మసకపెట్టినా అంకెలను తిరిగి ఊహించే పద్ధతులున్నాయి. కత్తిరించడాన్ని కూడా ఒకప్పుడు నమ్మలేకపోయాం: 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో బొమ్మలు దిద్దే మార్కప్ టూల్‌లోనూ, విండోస్ స్నిప్పింగ్ టూల్‌లోనూ ఒక లోపం బయటపడింది. కత్తిరించి అదే ఫైలు మీద సేవ్ చేస్తే, తీసేసిన భాగం తాలూకు డేటా ఫైలు చివర మిగిలిపోయేది. దాన్ని తర్వాత సరిచేశారు.

ఇప్పటికీ జనం పడే గుంట ఇంకోటుంది. విండోస్ 11 మనం తీసిన ప్రతి బొమ్మనూ `Pictures\Screenshots`లో దానంతట అదే దాస్తుంది. అది గీతలు లేని, నలుపు పూయని అసలు బొమ్మ. ఫైలు జత చేసేటప్పుడు ఆ ఫోల్డర్‌లో పైనున్నది ఎంచుకుంటే పడిన శ్రమంతా వృథా, దాచిందంతా బయటికి. అందుకే గీసిన బొమ్మకు వేరే పేరు పెట్టి డెస్క్‌టాప్ మీద సేవ్ చేస్తాను: `bills-E17-sum.png`.

చివరగా పంపడం

సేవ్ చేసేటప్పుడు PNG ఎంచుకోండి. JPG ఫొటోలకు బాగుంటుంది గానీ అక్షరాల అంచుల్లో బూజు పట్టినట్టు చేస్తుంది. అందులో రంగుల వివరాన్ని వెలుగునీడల వివరం కంటే తక్కువగా దాచుకోవడం మామూలు. అందుకే సన్నటి ఎర్ర అక్షరాలు అందరికంటే ముందు చెడతాయి. మాటను ఎరుపులో కాకుండా పసుపు మీద నలుపులో రాయమన్నది ఇందుకే. వాట్సాప్‌లో ఫొటోగా పెడితే PNG కూడా కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా జత చేస్తే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

బొమ్మతో పాటు ఫార్ములాను టైపు చేసి కూడా పంపండి. బొమ్మలోంచి కాపీ చేసుకోవాలంటే అవతలివాళ్లకు ఇబ్బంది.

```
=SUM(E2:E16)
```

పంపే ముందు నా ఫోన్‌కే ఒకసారి పంపుకుని, వేళ్లతో పెద్దది చేయకుండా చదవగలిగానా అని చూస్తాను. మొదటిసారి 16 సైజు మాట చదవలేకపోయాను, 20 చేస్తే సరిపోయింది.

ఫోన్‌లోనే తీసి పంపేవాళ్లకూ ఇదే వరస. ఐఫోన్ మార్కప్‌లో చేత్తో బాణం గీసి వేలు తీయకుండా ఒక్క క్షణం ఆపితే, వంకర బాణం చక్కటి బాణంగా మారుతుంది.

రెండో బొమ్మకు మేడమ్ దగ్గర్నుంచి జవాబు అయిదు నిమిషాల్లో వచ్చింది: "మార్చేశానండీ. పోయిన నెల షీటులో కూడా 14 దగ్గరే ఆగింది, అదీ సరిచేస్తున్నా."