షట్‌డౌన్‌లో రిలే విప్పే ముందు: కాయిల్ కింద రాసిన పేజీలన్నీ తిప్పారా?

ఈమధ్య షట్‌డౌన్ పనుల్లో రిలే మారుస్తున్న ఒక అప్రెంటిస్‌కు షాక్ కొట్టింది. మెయిన్ ఐసొలేటర్ ఆఫ్ చేసి తాళం వేశారు, 24 వోల్టుల సప్లై కూడా లేదు. అయినా ఆ రిలే కాంటాక్ట్‌లో 230 వోల్టులు ఉన్నాయి. డ్రాయింగ్ అతని చేతిలోనే ఉంది, కానీ చూసింది కాయిల్ ఉన్న పేజీ ఒక్కటే. గ్లౌజులు, తాళాల సంగతి మీకు ఎలాగూ చెబుతారు కాబట్టి ఇక్కడ డ్రాయింగ్ చదవడం గురించే చెప్పుకుందాం.

రిలే కాయిల్ ఒక పేజీలో, దాని కాంటాక్ట్‌లు వేరే పేజీల్లో గీస్తారు. ఏ కాంటాక్ట్ ఎక్కడుందో కాయిల్ కింద చిన్న పట్టికలో ఉంటుంది. ఉదాహరణకు 4వ పేజీలో -K7 కాయిల్, దాని కొసలు A1, A2. కింద పట్టికలో రెండు వరుసలున్నాయి: 11-14 ఎదురుగా /4.8, 21-22 ఎదురుగా /9.2. మొదటిది ఇదే పేజీలో 8వ కాలమ్, అక్కడ ఇండికేషన్ లాంప్ ఉంది. రెండోది 9వ పేజీలో 2వ కాలమ్. ఇక్కడ షాక్ కొట్టే ప్రమాదం ఉన్నది ఈ రెండో వరుసలోనే.

9వ పేజీ తిప్పితే 21 నుంచి వచ్చిన గీత X3:5కి, 22 నుంచి వచ్చింది X3:6కి పోతున్నాయి. ఆ తర్వాత బాణం గుర్తు, పక్కన +P2 అని ఉంది. అంటే ఆ వైరు పక్క పంపు ప్యానెల్ నుంచి వస్తోంది. ట్యాంకు ఖాళీ అయితే K7 లాగుతుంది, 21-22 తెరుచుకుంటుంది, పంపు ఆగుతుంది. ఆ 230 వోల్టులు మీ ప్యానెల్‌వి కావు, మీ ఐసొలేటర్ వాటిని ఆపలేదు.

ఇక్కడే ఇంకో మోసం ఉంది. కాంటాక్ట్ నంబర్ చివరి అంకెలు 1-2 అయితే నార్మల్లీ క్లోజ్డ్, 3-4 అయితే నార్మల్లీ ఓపెన్, 11-12-14 లాంటిదైతే చేంజోవర్. మొదటి అంకె వరుస సంఖ్య. డ్రాయింగ్‌లో అన్నీ కరెంటు లేని స్థితిలోనే గీస్తారు. మీ ప్యానెల్ ఆఫ్‌లో ఉంది కాబట్టి K7 21-22 మూసుకునే ఉంది. టెస్టర్‌ను 21కీ 22కీ మధ్య పెడితే సున్నా చూపిస్తుంది. రెండు కొసల్లోనూ అదే ఫేజ్ ఉంటే తేడా ఎలా కనిపిస్తుంది? అందుకే 21 నుంచి ఎర్త్‌కు, 22 నుంచి ఎర్త్‌కు విడివిడిగా కొలవాలి. టెస్టర్ పనిచేస్తోందని ముందూ తర్వాతా తెలిసిన లైవ్ పాయింట్ మీద చూసుకోవాలి.

నంబర్ల గందరగోళం మరోటి. 21 అంటే రిలే బేస్ మీద 21 అని రాసిన స్క్రూ కావచ్చు, టెర్మినల్ స్ట్రిప్‌లో 21 కావచ్చు, వైరు ఫెర్రూల్ మీద 21 కావచ్చు. -K7:21, -X3:21 రెండూ వేర్వేరు చోట్లు. కోలన్ ముందు ఎవరి పేరుందో చూడకుండా స్క్రూడ్రైవర్ పెట్టకండి.

ఇక గుర్తుంచుకోవాల్సినవి, వరుస ఏదైనా సరే:

- కాయిల్ కింద ఎన్ని వరుసలుంటే అన్ని పేజీలూ తిప్పండి. ఒక్కటీ వదలొద్దు.
- ప్రతి కాంటాక్ట్‌కూ రెండు కొసలూ పట్టుకుని సప్లై దాకా వెళ్లండి. ఏ ఎంసీబీ దాన్ని ఆపుతుందో కాగితం మీద రాయండి. పేరు రాయలేకపోతే ఆ కొసను లైవ్ అనే అనుకోండి.
- నారింజ రంగు వైరు కనిపిస్తే ఆగండి. చాలా చోట్ల ఐసొలేటర్ ఆపినా కరెంటు ఉండే సర్క్యూట్‌కు ఆ రంగు వాడతారు. ఆ రంగు లేదని నిశ్చింతగా ఉండకండి, అన్ని ప్యానెళ్లలోనూ పాటించరు.
- పట్టికలో లేని కాంటాక్ట్‌కు వైరు తగిలి ఉందా? డ్రాయింగ్ పాతది. క్రాస్ రిఫరెన్స్ కాగితాన్నే చూపిస్తుంది, ప్యానెల్‌ను కాదు. బేస్ మీద వైర్లు లెక్కపెట్టి పట్టికతో సరిచూడండి. లెక్క కుదరకపోతే పని ఆపి సీనియర్‌ను పిలవండి.
- రివిజన్ నంబర్ చూడండి.
- రిలే బేస్ నుంచి తీసేస్తే భద్రం అనుకోకండి. వైర్లు బేస్‌లోనే ఉంటాయి, ఫేజ్ కూడా అక్కడే ఉంటుంది.
- రిలే లాగితే పక్క పంపు పరిస్థితి ఏమవుతుందో అడగకుండా లాగకండి. ఆ 21-22 తెరుచుకుంటే పంపు ఆగిపోతుంది.
- కాయిల్ పేజీ మాత్రమే ప్రింట్ తీసుకుని ప్యానెల్ దగ్గరికి రాకండి. 9వ పేజీ ఎక్కడుంది?