ప్రశ్న చదవడం – 4వ పాఠం: కంటికి ఆనని ‘తప్ప’

గత పాఠంలో ప్రశ్న మనల్ని ఏం చేయమంటోందో, అంటే పోల్చమంటోందా, కారణం చెప్పమంటోందా, నిర్వచించమంటోందా అన్నది పట్టుకోవడం చూశాం. ఈసారి పాఠమంతా రెండక్షరాల ఒక్క మాట మీదే. మొదట చిన్న కథ చదవండి. చదువుతూ 7వ ప్రశ్న దగ్గర ఆగి, మీ జవాబు పెన్సిలుతో రాసుకున్నాకే ముందుకు వెళ్లండి.

జీవశాస్త్రం పరీక్ష పేపరు దిద్ది ఇచ్చారు. 25కి 24. ఆ అమ్మాయి పేజీలు తిప్పి పోయిన మార్కు ఎక్కడుందో వెతికింది. 7వ ప్రశ్న పక్కన ఎర్ర సిరాతో ఇంటూ ఉంది.

7. కింది జీవుల్లో .................. తప్ప అన్నీ క్షీరదాలే.
అ) గబ్బిలం  ఆ) తిమింగలం  ఇ) పెంగ్విన్  ఈ) ప్లాటిపస్

తను ‘అ’ పెట్టింది. గబ్బిలం ఎగురుతుంది కాబట్టి పక్షి అనుకుంటారు చాలామంది. తను అలా పొరబడలేదు. అది పిల్లల్ని కంటుంది, పాలిస్తుంది. పాఠ్యపుస్తకంలో ఆ వాక్యం ఏ పేజీలో ఉందో కూడా గుర్తుంది. పుస్తకం తెరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టుకునే టీచర్ దగ్గరికి వెళ్లింది.

“టీచర్, 7వ ప్రశ్నకి మార్కు వేయలేదు. గబ్బిలం క్షీరదమేగా?”

“క్షీరదమే.”

“మరి ఇంటూ పెట్టారేం?”

“ఆ ప్రశ్న ఒకసారి నోట్సులో ఎత్తి రాసి తీసుకురామ్మా.”

బెంచీ దగ్గరికి వచ్చి రాయడం మొదలుపెట్టింది. ‘కింది జీవుల్లో’ అని రాసి, చుక్కలు పెట్టింది. తర్వాతి మాట కోసం పేపరు వైపు చూసింది. చుక్కల పక్కన ‘క్షీరదాలే’ ఉంటుందనుకుంది. ‘తప్ప’ ఉంది. కలం ఆగిపోయింది. నోట్సు మూసి, పుస్తకం కూడా మూసేసింది.

కథ అంతే. పాఠం ఇక్కణ్ణుంచి.

ఆ అమ్మాయికి విషయం తెలుసు. కళ్లూ బాగానే ఉన్నాయి. మరి ఆ మాట ఏమైంది? చదివేటప్పుడు కళ్లు వరస మీద జారుకుంటూ పోవు, ఆగుతూ గెంతుతూ పోతాయి. ఆంగ్ల పాఠకుల కంటి కదలికలు కొలిచిన పరిశోధకులు, అర్థభారం మోసే నామవాచకాలు, క్రియల మీద ఎక్కువగా ఆగుతాయనీ, పొట్టి అనుబంధ పదాల్ని తరచు దాటేస్తాయనీ గమనించారు. దాటేసిన మాటను మెదడు సందర్భాన్ని బట్టి పూరించుకుంటుంది. పై ప్రశ్నలో ‘తప్ప’ పొట్టి మాట. పైగా చుక్కల గీతకు అంటుకుని ఉంది. ఖాళీ దగ్గర చదవడానికేమీ లేదు కాబట్టి కన్ను అక్కణ్ణుంచి ఒక్క గెంతు గెంతి, బరువైన ‘క్షీరదాలే’ మీద వాలింది. ‘ఏది క్షీరదం?’ అన్న ప్రశ్న తయారైపోయింది. మొదటి ఐచ్ఛికమే దానికి అతికినట్టు సరిపోయింది. మిగతా మూడూ చూడాల్సిన పని లేకుండా పోయింది.

ఈ చివరి ముక్క మీద కాసేపు నిలబడదాం, ఎందుకంటే పొరపాటును పట్టుకునే అవకాశం అక్కడే ఉంది. ‘తప్ప’ను చూడకపోవడం కన్ను చేసిన పని, దాన్ని పూర్తిగా మాన్పించలేం. మొదటి ‘అవును’ దగ్గరే ఆగిపోవడం అలవాటు, దాన్ని మార్చుకోవచ్చు. ఆ అమ్మాయి ‘ఆ’ దాకా వెళ్లి ఉంటే, తిమింగలం కూడా క్షీరదమే కదా అని తట్టేది. ఒకే జవాబు ఉండాల్సిన ప్రశ్నకు రెండు సరైన జవాబులు కనబడుతున్నాయంటే, ప్రశ్నను మీరు తప్పుగా చదివారనే ముందు అనుమానించండి. పేపరు తయారుచేసినవాళ్లు పొరబడటం ఉంటుంది గానీ, అంత తరచుగా కాదు.

అందుకని చేయాల్సిన పని ఇది. ఐచ్ఛికాల్ని అరచేత్తో మూసి, ప్రశ్న వాక్యం మాత్రమే చివరిదాకా చదవండి. తెలుగులో తీర్పు చెప్పే మాట ఎక్కువగా వాక్యం చివర ఉంటుంది కాబట్టి ఆఖరి రెండు మాటల మీద ఒక క్షణం ఎక్కువ ఆగండి. ‘తప్ప’, ‘మినహా’, ‘కానిది’, ‘లేనిది’ లాంటిది కనబడితే చుట్టూ సున్నా చుట్టండి. కింద గీత గీస్తే చాలదా అంటే, ఖాళీల ప్రశ్నల్లో అప్పటికే ఒక గీతో చుక్కలో ఉంటాయి, మీ గీత వాటిలో కలిసిపోతుంది. ఇప్పుడు చెయ్యి తీసి, నాలుగు ఐచ్ఛికాల పక్కనా విడివిడిగా టిక్కో ఇంటూనో పెట్టండి. ఇవి జవాబులు కావు, ‘ఇది క్షీరదమా, కాదా’ అన్న చిన్న ప్రశ్నకు మీ సమాధానాలు మాత్రమే. గబ్బిలం టిక్కు. తిమింగలం టిక్కు. పెంగ్విన్‌కు ఈకలున్నాయి, పక్షి, ఇంటూ. ప్లాటిపస్ గుడ్లు పెడుతుంది, అయినా పిల్లలకు పాలిస్తుంది, ఒంటి మీద వెంట్రుకలుంటాయి, టిక్కు.

మూడు టిక్కులు, ఒక ఇంటూ. ఒంటరిగా మిగిలింది పెంగ్విన్, అదే జవాబు. ఈ పద్ధతిలో సుగుణం ఏమిటంటే, ‘తప్ప’ను మీ కన్ను దాటేసినా లెక్క పట్టిస్తుంది. ‘క్షీరదం ఏది’ అనుకుంటూనే గుర్తులు పెట్టినా మూడు టిక్కులు వచ్చేసరికి ఏదో తేడా ఉందని తెలిసి, ప్రశ్న దగ్గరికి తిరిగి వెళ్తారు.

లెక్క మరోలా వస్తే? ప్లాటిపస్ గుడ్లు పెడుతుందని దానికీ ఇంటూ పెట్టారనుకోండి, రెండూ రెండూ అవుతాయి. ప్రశ్నను సరిగ్గానే చదివారు, లోపం విషయంలో ఉంది. ఇలాంటప్పుడు ప్రశ్నను పదిసార్లు చదివినా లాభం లేదు. రెండు ఇంటూల్లో ఏది గట్టిదో తేల్చుకోవాలి. తప్పుల పట్టిక రాసుకునే అలవాటుంటే ఈ రెండు రకాల్నీ ఒక గడిలో కలపకండి. ఒకదానికి మందు పుస్తకం, ఇంకోదానికి మందు సున్నా చుట్టిన పెన్సిలు.

ఖాళీ పూరించే ప్రశ్నలకు ఇంకో పరీక్ష కూడా పనికొస్తుంది. మీ జవాబును ఖాళీలో పెట్టి మొత్తం వాక్యాన్ని లోలోపల వినబడేలా చదవండి: ‘కింది జీవుల్లో గబ్బిలం తప్ప అన్నీ క్షీరదాలే.’ అంటే పెంగ్విన్ క్షీరదమా? చెవి వెంటనే ఒప్పుకోదు. ఆ అమ్మాయికి ఎత్తి రాయడం చేసిన మేలు కూడా ఇలాంటిదే. రాసేటప్పుడు ప్రతి మాటా చేతి గుండా పోవాలి, గెంతడానికి వీలుండదు. పరీక్షలో ప్రతి ప్రశ్నా రాయలేం గనక, ఖాళీలో జవాబు పెట్టి చదవడం దానికి బదులు.

అయితే ‘తప్ప’ కనబడిన ప్రతిచోటా ‘కానిదాన్ని’ వెతకాలని నేర్చుకుంటే కొత్త గోతిలో పడతారు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన చదవండి:

కిందివాటిలో ఒకటి తప్ప అన్నీ క్షీరదాలే.
కిందివాటిలో ఒకటి తప్ప ఏదీ క్షీరదం కాదు.

మొదటిదానిలో జవాబు క్షీరదం కానిది. రెండోదానిలో జవాబు క్షీరదమే, ఎందుకంటే ‘తప్ప ... కాదు’ కలిస్తే ‘అది మాత్రమే’ అన్న అర్థం వస్తుంది. దిశ తిప్పేది చివరి క్రియ. అందుకే పైన ఆఖరి మాటల దగ్గర ఆగమన్నది. టిక్కుల లెక్క మాత్రం రెండు చోట్లా పనిచేస్తుంది: రెండో వాక్యానికి మూడు ఇంటూలు, ఒక టిక్కు రావాలి. ఒంటరిగా మిగిలిందే జవాబు.

‘తప్ప’ విడి మాట కాబట్టి కొంత నయం, కనీసం సున్నా చుట్టడానికి చోటుంటుంది. వ్యతిరేకార్థం క్రియ కడుపులో దాక్కున్న ప్రశ్నలు ఇంకా కష్టం. ‘ఈ వర్గానికి చెందినది’, ‘ఈ వర్గానికి చెందనిది’: రెండిట్లోనూ అవే హల్లులు, అదే పొడవు. ఒక గుడి ‘ద’ మీద నుంచి ‘న’ మీదికి జరిగింది, అర్థం తలకిందులైంది. ‘పొందినది, పొందనిది’ కూడా ఇంతే. ఇలాంటి మాటల్ని చూపుతో నమ్మకండి, పెదవులు కదిపి పలకండి. పలికితే తేడా దాగదు. వ్యతిరేక పదాన్ని వాడక తప్పనప్పుడు దాన్ని లావు అక్షరాల్లో అచ్చువేయమని ప్రశ్నలు రాసేవారికి సలహా ఇస్తుంటారు. అది పాటించిన పేపర్లు ఉన్నాయి, పాటించనివీ ఉన్నాయి. లావు అక్షరాల కోసం ఎదురుచూసే కన్ను, అవి లేనప్పుడు మరింత నిర్లక్ష్యంగా గెంతుతుంది.

ఈ పద్ధతికి హద్దు ఒకటుంది. ‘పైవన్నీ’, ‘పైవేవీ కావు’ అన్న ఐచ్ఛికం ఉన్నచోట, ఒకటికి మించి జవాబులు ఎంచుకోమన్నచోట ఒంటరి లెక్క నడవదు. గుర్తులు పెట్టడం వరకే అక్కడ సాయం.

అభ్యాసం. ప్రతి దానికీ సున్నా చుట్టి, నాలుగు గుర్తులూ పెట్టాకే కింద చూడండి.

1. కిందివాటిలో ప్రధాన సంఖ్య కానిది: 2, 51, 53, 59
2. కింది లోహాల్లో ................. తప్ప ఏదీ గది ఉష్ణోగ్రత వద్ద ద్రవంగా ఉండదు: ఇనుము, పాదరసం, రాగి, వెండి
3. కింది గ్రహాల్లో వలయాలు లేనిది: శని, యురేనస్, నెప్ట్యూన్, శుక్రుడు

మొదటిదానికి 51. అది 3, 17ల లబ్ధం. నాలుగింటికీ టిక్కు పెట్టినవాళ్లు ప్రశ్నను తప్పు చదవలేదు, 51ని భాగించి చూడలేదు. 2 అని రాసినవాళ్లలో రెండు రకాలుంటారు: ‘కానిది’ని దాటేసినవాళ్లు, సరిసంఖ్య ప్రధాన సంఖ్య కాదనుకున్నవాళ్లు. మీరు పెట్టిన గుర్తు ఏ రకమో చెబుతుంది. 2 పక్కన టిక్కు ఉంటే మొదటి రకం, ఇంటూ ఉంటే రెండో రకం. రెండోదానికి పాదరసం. మూడు ఇంటూలు, ఒక టిక్కు. మూడోదానికి శుక్రుడు. శని అని రాసి ఉంటే, వలయాలు అనగానే శని గుర్తొచ్చి ‘లేనిది’ దాకా కన్ను వెళ్లలేదన్నమాట.

5వ పాఠంలో ‘ఎల్లప్పుడూ’, ‘కొన్నిసార్లు’, ‘మాత్రమే’ అనే మాటలు తప్పు–ఒప్పు ప్రశ్నల్ని ఎలా తిప్పుతాయో చూద్దాం. ఈలోగా మీ పాత పేపర్లలో మార్కు పోయిన ఐదు ప్రశ్నల్ని తీసి, జవాబు జోలికి పోకుండా, ప్రశ్న వాక్యాన్ని మాత్రం చేత్తో ఎత్తి రాసి ఉంచండి.