ఆఫీసులో నెట్ వచ్చి పోతుంటే: ఐపీ అడ్రస్‌ల కొరతను పట్టుకోవడం, సరిచేయడం ఎలా?

ఆఫీసులో కొందరికి నెట్ బాగా వస్తుంది. పక్క సీట్లో ఉన్నవాళ్ళకు మాత్రం వైఫై గుర్తు కనిపిస్తున్నా ఏ పేజీ తెరుచుకోదు. కాసేపటికి వాళ్ళకు వస్తుంది, ఇంకొకరికి పోతుంది. ఇలా జరిగితే నెట్ కంపెనీకి ఫోన్ చేసే ముందు రౌటర్‌లో డీహెచ్‌సీపీ సంగతి చూడాలి. ఆఫీసులోకి వచ్చిన ప్రతి ల్యాప్‌టాప్‌కూ, ఫోన్‌కూ ఐపీ అడ్రస్‌ను కొంత గడువుకు ఇచ్చేది అదే. ఆ గడువును లీజ్ అంటారు, ఇవ్వడానికి పెట్టుకున్న అడ్రస్‌ల వరుసను పూల్ అంటారు.

నెట్ పోయిన నిమిషంలోనే చూడండి

రీస్టార్ట్ చేస్తే ఆధారం పోతుంది. కాబట్టి ముందుగా ఇబ్బంది పడుతున్న విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
ipconfig /all
```

వాడుతున్న వైఫై లేదా కేబుల్ పేరు కింద ఉన్న వివరాలే చదవండి. అడ్రస్ 169.254తో మొదలైతే ఆ కంప్యూటర్‌కు పనికొచ్చే అడ్రస్ దొరకలేదని, తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. ఇప్పుడు `DHCP Enabled` అనే వరుస చూడండి. అక్కడ `Yes` ఉంటే అది రౌటర్‌ను అడిగినా అడ్రస్ రాలేదన్నమాట. `No` ఉండి, ఒక అడ్రస్ పక్కన `Duplicate` అని కనిపిస్తే ఎవరో చేత్తో పెట్టిన అడ్రస్ ఇంకొకరి దగ్గర కూడా ఉంది. మొదటిది కొరత, రెండోది ఢీకొనడం. చాలా ఆఫీసుల్లో మొదటిదే రెండోదానికి దారి తీస్తుంది.

అడ్రస్ మామూలుగానే ఉండి నెట్ రాకపోతే `DHCP Server` వరుస కూడా చూడండి. అక్కడ మీ రౌటర్ కాక వేరే అడ్రస్ ఉంటే, ఎవరో పాత వైఫై రౌటర్‌ను తెచ్చి ఆఫీసు కేబుల్‌కు తగిలించి ఉంటారు. దాన్ని వెతికి తీసేయాలి.

రౌటర్‌లో లెక్క చూడండి

కేబుల్ వదులుగా ఉన్నా 169.254 వస్తుంది. అందుకే రౌటర్ పేజీలోకి వెళ్ళి, డీహెచ్‌సీపీ క్లయింట్ల జాబితాలో ఎన్ని అడ్రస్‌లు ఇచ్చేసిందో చూడాలి. పూల్‌లో ఉన్నన్నీ ఇచ్చేసి ఉంటే కారణం ఖాయం.

ఒక ఆఫీసు లెక్క వేసి చూద్దాం. పూల్ 192.168.1.100 నుంచి 199 వరకు, అంటే 100 అడ్రస్‌లు. ఉద్యోగులు 35 మంది. "వంద చాలదా?" అనిపిస్తుంది. కానీ 35 ల్యాప్‌టాప్‌లకు 35 పోయాయి. అందులో 20 మందికి డెస్క్ దగ్గర కేబుల్ కూడా ఉంది. వైఫై, కేబుల్ రెండూ ఆన్‌లో ఉంటే రెండూ చెరొక అడ్రస్ తీసుకుంటాయి, కాబట్టి ఇంకో 20. ఫోన్లు 35. మొత్తం 90. ఇంటర్వ్యూలకు వచ్చే 15 మంది వైఫై అడిగితే 105. ఇంకా టీవీ, హాజరు మెషీన్ లెక్కలోకి రాలేదు.

లీజ్ 24 గంటలైతే ఇది ఇంకా ముదురుతుంది. మధ్యాహ్నం 3 గంటలకు వచ్చి పది నిమిషాలు కూర్చుని వెళ్ళిన మనిషి ఫోన్ పేరిట ఆ అడ్రస్ మర్నాడు 3 దాకా అలాగే ఉండిపోతుంది.

నెట్ కొందరికే ఎందుకు పోతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. లీజ్ సగం గడిచాక కంప్యూటర్ పొడిగింపు అడుగుతుంది. ఉదయం 9:30కి తీసుకున్న 24 గంటల లీజ్‌కు సగం అంటే రాత్రి 9:30. అప్పటికి ల్యాప్‌టాప్ మూసి ఉంటుంది, అడగలేదు. మర్నాడు 9:30కి గడువు తీరింది. ఆ మనిషి 9:45కి వచ్చేలోపు ఆ అడ్రస్‌ను ఎవరి ఫోనో తీసుకుంది. రాత్రంతా ఆన్‌లో ఉండే డెస్క్‌టాప్‌కు మాత్రం ఏ రోజూ ఇబ్బంది రాదు. అందుకే "నాకు బాగానే వస్తోందే" అనేవాళ్ళు ప్రతి ఆఫీసులో ఉంటారు.

చేత్తో అడ్రస్ పెట్టకండి

టెన్షన్‌లో అందరూ చేసే పని ఇది. అకౌంట్స్ కంప్యూటర్‌కు నెట్ రావట్లేదు, నెలాఖరు. 192.168.1.150కి పింగ్ కొడితే జవాబు రాలేదు, ఖాళీగా ఉందనుకుని ఆ అడ్రస్ చేత్తో పెట్టేస్తారు. వెంటనే నెట్ వస్తుంది. ఈ సంగతి రౌటర్‌కు తెలియదు. అకౌంట్స్ మేడమ్ సెలవు పెట్టి కంప్యూటర్ ఆపేసిన రోజు, 150 ఖాళీ అనుకుని దాన్ని వేరే ఫోన్‌కు ఇస్తుంది. ఆవిడ తిరిగి వచ్చాక ఇద్దరిదీ ఒకే అడ్రస్. పూల్ లోపలి అడ్రస్‌ను ప్రింటర్‌కు పెట్టినా ఇదే జరుగుతుంది. ప్రింటర్ ఆపి ఉన్నప్పుడు దాని అడ్రస్ ఇంకొకరికి వెళ్తుంది.

ఢీకొన్నట్టు అనుమానం ఉంటే, ముందు మీకు తెలిసిన యంత్రాన్ని ఆపేయండి. తర్వాత వేరొక కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇవి కొట్టండి:

```
arp -d 192.168.1.150
ping 192.168.1.150
arp -a
```

ఫైర్‌వాల్ ఉంటే పింగ్‌కు జవాబు రాకపోవచ్చు. అందుకే చివరి జాబితా చూడాలి. అందులో 150 పక్కన మ్యాక్ అడ్రస్, అంటే యంత్రం వైఫై లేదా కేబుల్ కనెక్షన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య, కనిపిస్తే అది రెండో యంత్రానిదే. రౌటర్ జాబితాలో అదే మ్యాక్‌ను వెతికితే పేరు దొరకవచ్చు. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది చాలావరకు ఫోన్ తానే కల్పించుకున్న మ్యాక్. అప్పుడు పేరు పట్టుకోవడం కష్టం. దాని వెంట పడకుండా చేత్తో పెట్టిన అడ్రస్‌ను తీసేయడమే మంచిది.

ఇక సరిచేయండి

మొదట చేత్తో అడ్రస్ పెట్టిన యంత్రాలన్నీ రాసుకోండి: ప్రింటర్, కెమెరాలు, హాజరు మెషీన్. వాటికి 192.168.1.2 నుంచి 29 వరకు వదిలేయండి. రౌటర్ 1 మీద ఉందనుకుందాం. ప్రింటర్ అడ్రస్ మారితే కంప్యూటర్లలో కూడా ఆ ప్రింటర్‌ను మళ్ళీ కలపాలి, కాబట్టి సాయంత్రం చేయండి. అకౌంట్స్ కంప్యూటర్‌ను తిరిగి ఆటోమేటిక్‌కు మార్చండి. దానికి ఎప్పుడూ ఒకే అడ్రస్ కావాలంటే రౌటర్‌లోనే దాని మ్యాక్ పేరిట రిజర్వేషన్ పెట్టండి.

తర్వాత పూల్‌ను 30 నుంచి 230 వరకు పెంచండి. 201 అడ్రస్‌లు వస్తాయి. ఆ వరుసలో చేత్తో పెట్టినది ఒక్కటి మిగిలినా కొత్త గొడవ మొదలవుతుంది, అందుకే ఈ పని రెండోది.

మూడోది లీజ్. దాన్ని 8 గంటలకు తగ్గించండి. కొన్ని రౌటర్లు నిమిషాల్లో అడుగుతాయి, అప్పుడు 480. పని చేస్తున్న యంత్రాలు 4 గంటలకోసారి పొడిగించుకుంటాయి. సాయంత్రం వెళ్ళిపోయినవాళ్ళ అడ్రస్‌లు తెల్లారేలోపు ఖాళీ అవుతాయి. అయితే ఒకే సమయంలో 105 యంత్రాలు ఉంటే, 100 అడ్రస్‌లతో లీజ్ ఎంత తగ్గించినా చాలదు. లీజ్ తగ్గించడం నిన్నటి బరువును మాత్రమే తీస్తుంది. పాత లీజ్‌లు కూడా వాటి పాత గడువు తీరేదాకా ఉంటాయి, కాబట్టి ఫలితం మర్నాడు చూడాలి.

రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్‌కు వేరే అడ్రస్ వరుస, ఉదాహరణకు 192.168.2, పెట్టే వీలుంటే బయటివాళ్ళను అక్కడికి పంపి, లీజ్ 60 నిమిషాలు పెట్టండి. కొన్ని చిన్న రౌటర్లలో గెస్ట్ వైఫై పేరు వేరైనా అడ్రస్‌లు అదే పూల్ నుంచి వెళ్తాయి. మీ ఫోన్‌ను గెస్ట్‌కు కలిపి దానికి వచ్చిన అడ్రస్ చూస్తే అది తేలిపోతుంది.

అన్నీ అయ్యాక వారం పాటు ఉదయం 11:30 ప్రాంతంలో, అందరూ సీట్లలో ఉన్నప్పుడు, క్లయింట్ల సంఖ్య రాసుకోండి. అది 201లో 160 దాటకుండా ఉంటే సరిపోయినట్టే. దాటుతుంటే ముందు గెస్ట్‌లు వేరే పూల్‌కు వెళ్తున్నారో లేదో మళ్ళీ చూడండి.