టిఫిన్ అన్న మాట తీసేశాక

నెల్లూరులో హాస్టల్ పిల్లలకు నెలవారీ భోజనం మొదలుపెట్టినప్పుడు 'అమ్మ టిఫిన్ సర్వీస్, తక్కువ ధరకే ఇంటి భోజనం' అని స్టిక్కర్లు కొట్టించాను. ఫోన్లన్నీ పొద్దున్నే వచ్చేవి. "ఆంటీ, ప్లేటు ఇడ్లీ ఎంత?" మన దగ్గర టిఫిన్ అంటే ఇడ్లీ, దోసెలే కదా! నాకే తట్టలేదు.

'తక్కువ ధరకే' అన్నది ఇంకా దెబ్బకొట్టింది. ఒక కుర్రాడైతే "రేషన్ బియ్యమా ఆంటీ?" అని అడిగేశాడు. కదిపి చూస్తే వాళ్ల భయం ధర గురించి కాదు, ఇరవయ్యో తారీఖు దాటాక ఖాళీ అయ్యే జేబు గురించి.

పేరు 'నెల క్యారేజీ' అని మార్చాను. కింద 'ఒకటిన 1,500 కట్టు, నెలాఖరు దాకా రాత్రికి తిను'. ఆదివారాలు పోను 26 పూటలనుకుంటే పూటకు 58 రూపాయల లోపే. ఆదివారం సెలవన్న సంగతి అందులో ఇరికించలేదు, చేరేటప్పుడే చెప్తాను.

అచ్చు వేయించే ముందు మా అన్న కొడుక్కి ఫోన్లో పేరు ఒక్కసారే చెప్పి, ఏం అమ్ముతారో చెప్పమన్నాను. "నెలకింతని భోజనం పంపిస్తారా అత్తా?" అన్నాడు. చాలనుకున్నాను.

స్టిక్కర్ మీద 1,500 అంకె మాత్రం మార్కర్‌తో రాస్తాను. కూరగాయలు మండితే మళ్లీ అచ్చు ఖర్చెందుకు?