మిర్చి ల్యాబ్ రిపోర్టులో తప్పు దొర్లిందా? సవరణకు ముందు ఇవి చూసుకోండి

గుంటూరు యార్డుకు కొత్త సరుకు దిగే రోజుల్లో రిపోర్టులు హడావిడిగా వెళ్తాయి. వర్క్‌షీట్‌లో మొత్తం అఫ్లాటాక్సిన్ 4.8 పీపీబీ ఉంటే, పార్టీకి వెళ్లిన రిపోర్టులో 8.4 పడిందనుకుందాం.

• పాత ఫైలు తెరిచి, అంకె మార్చి, అదే నంబరుతో మళ్లీ ప్రింటు తీయొద్దు. మొదటి కాపీ ఈపాటికి ఎగుమతిదారు నుంచి కొనేవాళ్లకు చేరి ఉంటుంది. ఒకే నంబరు మీద రెండు అంకెలు బయటపడితే, సరైన అంకెను కూడా ఎవరూ నమ్మరు.

• తప్పు టైపింగ్‌లోనా, పరీక్షలోనా? క్రోమటోగ్రామ్, లెక్క, వర్క్‌షీట్ మూడూ 4.8 అంటేనే అది టైపింగ్ తప్పు. లేదంటే సవరణ చాలదు, దాచిన శాంపిల్‌తో మళ్లీ పరీక్షించాలి. మిర్చికి యూరప్ పరిమితి 10 పీపీబీ. పార్టీ ఫోన్ చేశాక 11 కాస్తా 9 అవుతోందంటే మరింత అనుమానంగా చూడండి.

• సవరణ వేరే కాగితంగా వెళ్లాలి. ‘ఫలానా నంబరు రిపోర్టుకు సవరణ’ అని పైనే రాసి, ముందు ఏముంది, ఇప్పుడేమిటి, ఎందుకు మారింది అన్నవి చూపాలి. మొత్తం రిపోర్టే కొత్తగా ఇస్తే కొత్త నంబరు వేసి, ఏ రిపోర్టుకు బదులో రాయాలి. ఐఎస్‌ఓ 17025 అడిగేది ఇదే.

• తేదీ సవరించిన రోజుదే. పాత తేదీ వేస్తే దిద్దుబాటు కాస్తా ఫోర్జరీలా కనిపిస్తుంది.

• వర్క్‌షీట్‌లోనే తప్పుంటే వైట్‌నర్ వద్దు. పాత అంకె కనబడేలా ఒక్క గీత, పక్కన సరైన అంకె, పొట్టి సంతకం, తేదీ.

• మొదటి కాపీ అందినవాళ్లందరికీ సవరణ పంపండి. అసలు రిపోర్టు ఫైల్లోనే ఉండాలి.