డేట్ తర్వాత మొదటి మెసేజ్: జవాబు క్లాసు మీదికి పోతుంటే

బెంగళూరులో ఉద్యోగం. మీకు కన్నడ నేర్చుకోవాలనుంది, తెలిసిన ఓ అమ్మాయికి తెలుగు నేర్చుకోవాలనుంది, కాబట్టి ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. (అవతల అబ్బాయైతే ‘అతను’ అని చదువుకోండి, లెక్క మారదు.) ప్రతి మంగళవారం సాయంత్రం గంటసేపు కూర్చుంటారు, అరగంట కన్నడ, అరగంట తెలుగు. మొన్న శనివారం మాత్రం పుస్తకాలు లేకుండా కబ్బన్ పార్కులో నడిచి, చర్చి స్ట్రీట్‌లో కాఫీ తాగారు. ఆదివారం మెసేజ్ పెట్టారు. ఆ తర్వాత రెండింట్లో ఏదో ఒకటి జరుగుతుంది: జవాబు వస్తుంది గానీ క్లాసు గురించే ఉంటుంది, లేదా జవాబూ రాదు, మంగళవారం క్లాసూ ఉండదు.

ముందు ఇది చూడండి

శనివారం జరిగింది డేటేనని ఆమెకూ తెలుసా? దాదాపు అందరూ దాటేసేది ఇదే. పిలిచేటప్పుడు “క్లాసు కాదు, ఊరికే కలుద్దాం” అన్నారా? ఆ రోజు ఆమె తెలుగు తప్పులు దిద్దమని అడగకుండా మామూలు కబుర్లే చెప్పిందా? రెండింటికీ అవునంటే ముందుకు వెళ్లండి. కాదంటే మెసేజ్‌లో ‘డేట్’ అనే మాట వాడకండి, మిగతా పద్ధతి అంతా ఇదే.

అసలు కారణం: ఆహ్వానం క్లాసుకు ముడిపడిపోవడం

ఎక్కువమంది పెట్టే మెసేజ్ ఇలా ఉంటుంది:

“నిన్న చాలా బాగుంది. మంగళవారం కలుద్దాం కదా?”

చూడ్డానికి ఏ తప్పూ లేదు, అందుకే దొరకదు. మంగళవారం ఎలాగూ క్లాసుంది కాబట్టి ఆమె “సరే” అంటుంది. మీరు దాన్ని రెండో డేట్ అనుకుంటారు, ఆమె నోట్‌బుక్ పట్టుకుని వస్తుంది. ఇది తేలిక రకం.

రెండో రకం ముదురుది. ఆమెకు మీ మీద ఆసక్తి లేదనుకోండి. కాదంటే క్లాసు కూడా పోతుందేమోనని అనుమానం. ఉచితంగా, ఓపిగ్గా తెలుగు నేర్పే మనిషిని వదులుకోవడం ఎవరికైనా కష్టమే. కాబట్టి అవునూ అనదు, కాదూ అనదు, “ఈ వారం కాస్త బిజీ” అంటుంది. మీరు ఒత్తిడి పెట్టే మాట ఒక్కటీ రాయలేదు, అయినా ఒత్తిడి పడింది. మెత్తని మాటలు ఎన్ని కలిపినా అది పోదు, ముడి విప్పాల్సిందే.

విప్పడం ఇలా. ఆహ్వానం క్లాసు లేని రోజుకి, క్లాసు జరగని చోటికి ఉండాలి. ఇష్టం ఒక్క వాక్యంలో సూటిగా చెప్పాలి. క్లాసు మామూలుగానే ఉంటుందన్న మాట కచ్చితంగా రాయాలి, కానీ చివర కాదు, మధ్యలో. జనం చివరి వాక్యానికే జవాబిస్తారు. క్లాసు మాట చివర పెడితే “సరే, మంగళవారం ఏడింటికి” అని వస్తుంది, అసలు విషయం గాల్లోనే ఉంటుంది.

“నిన్న మీతో నడవడం బాగా నచ్చింది. మీ అమ్మమ్మగారి హోళిగె గొడవ తలుచుకుంటే ఇంకా నవ్వొస్తోంది. మీరు నాకు నచ్చారు, క్లాసు సంగతి కాదు, విడిగానే. మంగళవారం క్లాసు ఎలాగైనా ఎప్పటిలాగే. వచ్చే ఆదివారం పొద్దున బసవనగుడిలో దోసె తిందామనుంది, మీకూ ఉంటే చెప్పండి.”

హోళిగె, అంటే బొబ్బట్ల మాట అలంకారానికి పెట్టింది కాదు. “చాలా బాగుంది” అని ఎవరికైనా పంపొచ్చు, ఇది మాత్రం ఆమెకే పంపగలరు. “మీకూ ఉంటే” అన్నచోట ఆమె కాదనడానికి సాకు వెతుక్కోనక్కర్లేదు. అప్పటిదాకా ‘మీరు’ అంటుంటే మెసేజ్‌లోనూ ‘మీరే’. రాత్రికి రాత్రి ‘నువ్వు’ లోకి దిగితే అదీ తొందరపెట్టడమే.

ఏ భాషలో రాయాలి? క్లాసు అయ్యాక మీరిద్దరూ కబుర్లు చెప్పుకునే భాషలో. కొత్తగా నేర్చిన కన్నడలో రాస్తే ఆమె టీచరైపోయి విభక్తి దిద్ది పంపిస్తుంది.

ఇంటికి చేరారా అన్నది ఆ రాత్రే విడిగా అడగండి. పై మెసేజ్ మర్నాడు పెట్టండి. సోమవారం రాత్రి దాకా నానబెడితే ఆమె ఆలోచించుకునేలోపే మీ ఎదురుగా కూర్చోవాల్సి వస్తుంది.

చూసి కూడా జవాబివ్వకపోతే

రెండో మెసేజ్ వద్దు. మంగళవారం క్లాసుకు వెళ్లి అరగంటా అరగంటా మామూలుగా చేసి రండి, ఆ ఊసు ఎత్తకండి. క్లాసయ్యాక కూడా ఆమె ఎత్తకపోతే కాదనే అర్థం. “క్లాసు మాత్రం కొనసాగిద్దాం” అన్నా అంతే, ‘మాత్రం’ కింద ఆశలు వెతక్కండి. “సరే, చెప్పినందుకు థాంక్స్. మంగళవారం మొదట మీ తెలుగు చూద్దాం” అని రాస్తే చాలు. తర్వాతి క్లాసులో ఆమె అరగంట ఇరవై నిమిషాలకు తగ్గిందంటే తప్పు మీదే.

నెట్ లేకపోవడం, నంబరు మారడం లాంటి వాటివల్ల మెసేజ్ అసలు చేరకపోవడం అరుదు. అదైనా రెండు రోజుల్లో దానంతటదే తేలిపోతుంది.