ఆందోళనకి కాఫీ కారణమా కాదా? తలనొప్పి రాకుండా తగ్గించి చూసుకోవడం ఎలా

బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది, ఇన్నేళ్లలో పీజీలోనూ ఆఫీసులోనూ ఏడెనిమిది మందితో ఈ పని దగ్గరుండి చేయించాను. అందరిదీ ఒకటే తప్పు. గుండె దడ, కడుపులో తిప్పడం, రాత్రి నిద్ర పట్టకపోవడం మొదలవగానే పేగులు బాలేవని ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ కొనేస్తారు, రోజుకి ఐదు ఫిల్టర్ కాఫీలు మాత్రం అలాగే నడుస్తుంటాయి.

మూడ్‌తో ముడిపెట్టే సెరటోనిన్ అనే రసాయనం ఒంట్లో ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుందన్న మాట నిజమే, కానీ అది రక్తంలోంచి మెదడులోకి దాటలేదు, మెదడుకి కావాల్సింది మెదడే తయారుచేసుకుంటుంది. ప్రోబయోటిక్స్ మీద జరిగిన ట్రయల్స్ ఎక్కువగా చిన్నవి, ఫలితాలు ఒకదానితో ఒకటి కలవవు. కెఫీన్ సంగతి వేరు, ప్యానిక్ అటాక్స్ వచ్చేవాళ్లకి నాలుగైదు కప్పులంత కెఫీన్ ఒకేసారి ఇచ్చి చూస్తే దాదాపు సగం మందికి అటాక్ వచ్చింది. పైగా కాఫీ పెద్దపేగుని కూడా కదిలిస్తుంది, అందుకే పొద్దున్నే పరగడుపున తాగి బాత్రూమ్‌కి పరిగెత్తి, నా గట్ పాడైందనుకుంటారు.

కావాల్సినవి: ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను, ఇంట్లో స్టీల్ ఫిల్టర్. ఫోన్‌లో యాప్ వద్దు, రాయడానికి తీసి ఇంకేదో చూస్తూ కూర్చుంటారు.

మొదటి వారం ఏమీ మార్చకండి. ఎన్ని కప్పులు, ఏ టైముకి, పడుకున్న టైము, సాయంత్రం ఏడింటికి ఆందోళన పదికి ఎంత, అంతే రాయండి. టీ, కూల్ డ్రింక్, ఎనర్జీ డ్రింక్ కూడా లెక్కలోకే వస్తాయి.

ఇప్పుడు అసలు కష్టమైన చోటు, తగ్గించడం. సోమవారం నుంచి బంద్ అని ఒక్కసారిగా మానేయకండి దయచేసి. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, తర్వాత ఒకట్రెండు రోజులు బాగా ముదురుతుంది, కొందరికి తొమ్మిది రోజుల దాకా ఉంటుంది. తలనొప్పి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు, దాంతోపాటు చిరాకు, దిగులు, పని మీద మనసు నిలవకపోవడం కూడా వస్తాయి, మనం చూడాలనుకున్నదే మూడ్ కదా, అది పాడైపోయేసరికి కాఫీ లేకపోతే నాకు ఇంకా ఘోరంగా ఉందని బుధవారానికల్లా మళ్లీ మొదలుపెడతారు. ఇంకో జాగ్రత్త, కొన్ని తలనొప్పి మాత్రల్లో కెఫీన్ కూడా ఉంటుంది, వేసుకునే ముందు స్ట్రిప్ వెనక చదవండి, లేకపోతే లెక్కంతా తప్పుతుంది.

నా పద్ధతి ఇది. ఇక్కడైనా చెన్నైలో అయినా కాఫీ పొడి షాపులో మనం అడిగిన పాళ్లలో చికోరీ కలిపి ఇస్తారు, చికోరీలో కెఫీన్ ఉండదు. రెండో వారం కాఫీ, చికోరీ పాళ్లు 80:20 నుంచి 60:40కి దిగండి, కప్పులు అన్నే, పొడి కొలత అంతే, కెఫీన్ మాత్రం పావు వంతు తగ్గుతుంది, డికాషన్ చిక్కగానే ఉంటుంది కాబట్టి నాలుకకి పెద్దగా తేడా తెలీదు. మూడో వారం మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ లేదు, ఎందుకంటే తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే ఐదారు గంటలు పడుతుంది. నాలుగో వారం టిఫిన్ తిన్నాక ఒకటి, పదకొండుకి బైటూ, అంతే. తలనొప్పి వస్తే వెనక్కి వెళ్లకండి, ఆ మెట్టు మీదే ఇంకో వారం ఉండండి.

ఈ నాలుగు వారాలూ ఇంకేదీ మార్చకూడదు, కొత్తగా జిమ్ వద్దు, చక్కెర మానడం వద్దు. తిండి మొత్తం మారిస్తే లాభం లేదని కాదు, 2017లో ఆస్ట్రేలియాలో వచ్చిన స్మైల్స్ ట్రయల్‌లో డిప్రెషన్ ఉన్న 67 మందిలో తిండి మార్చినవాళ్లలో 32 శాతం మంది 12 వారాల్లో దాన్నుంచి బయటపడ్డారు, తిండి మార్చని రెండో గ్రూపులో 8 శాతమే, కానీ తిండి మార్చినవాళ్లకి డైటీషియన్‌తో ఏడు సెషన్లు ఉన్నాయి, చాలామంది వైద్యం తీసుకుంటూనే ఉన్నారు. మనం ఒంటరిగా అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

మందులు వాడుతుంటే అవి ఆపకండి, ముందు డాక్టర్‌కి చెప్పండి, ఫ్లూవోక్సమిన్ లాంటి మందుతో కెఫీన్ ఒంట్లో చాలాసేపు నిలిచిపోతుంది.

మా పిన్ని కొడుకు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాడు, ఇరవయ్యారేళ్లు, రోజుకి ఐదు కాఫీలు, ఆఖరిది సాయంత్రం ఆరున్నరకి. మొదటి వారం ఆందోళన సగటు పదికి ఏడు, నిద్ర ఒంటిగంటన్నరకి. మూడో వారం మొదట్లో రెండ్రోజులు తల పట్టేసింది, "అక్కా, నా వల్ల కాదు" అన్నాడు, అక్కడే ఇంకో వారం ఆపాను. ఐదో వారానికి సగటు నాలుగు, నిద్ర పన్నెండు లోపే, పొద్దున కడుపు గొడవ పోయింది. ఆదివారం రాత్రుల దగ్గర మాత్రం ఎనిమిది అలాగే ఉంది, కాఫీ లేని రోజుల్లో కూడా. ఆ నోట్‌బుక్ పట్టుకుని 14416కి, అదే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేశాడు, ఇప్పుడు కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాడు.